అమెరికాలో ఉన్న వదినకి పిల్లాడి షూస్ కొనమని మెసేజ్ పెట్టడం ఎలా: పొడవు, వెడల్పు, బ్రాండ్ వివరాలతో

"వదినా, బాబుకి పదో నంబర్ షూస్ తీసుకురండి" అని ఒక్క లైను పెడితే వచ్చే షూస్ చాలాసార్లు పట్టవు. ఇక్కడ మన దుకాణాల్లో పిల్లల షూ మీద కనిపించే 10 సాధారణంగా యూకే నంబరు. డాలస్‌లో షాపులో 10 అంటే యూఎస్ నంబరు. రెండూ ఒకటి కావు. బ్రాండ్‌ని బట్టి యూఎస్ నంబరు యూకే కన్నా అర నుంచి ఒక సైజు వరకు ఎక్కువగా ఉంటుంది, అంటే మన 10 అక్కడ పదిన్నరో పదకొండో అవుతుంది. పిల్లల సైజుల్లో ఒక పూర్తి నంబరుకి తేడా దాదాపు ఎనిమిదిన్నర మి.మీ., అరకి నాలుగు మి.మీ. పైచిలుకు. వేళ్ల ముందు ఉండాల్సిన ఖాళీయే 10 నుంచి 12 మి.మీ. కాబట్టి ఒక్క నంబరు తప్పితే ఆ ఖాళీ దాదాపు మొత్తం పోయినట్టే.

ఇంకో ఇబ్బంది టైముది. అక్టోబరులో డాలస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక ఉంటుంది. వదిన శనివారం మధ్యాహ్నం రెండింటికి షాపులో నిలబడి "ఇది తీసుకోనా, అది తీసుకోనా" అని ఫోటో పెడితే వైజాగ్‌లో మనకి అర్ధరాత్రి పన్నెండున్నర, అందరం నిద్రలో ఉంటాం. ఆవిడ అంతసేపు ఆగలేరు, ఏదో ఒకటి తీసుకుని వెళ్లిపోతారు. అందుకే ఆవిడ మనల్ని ఏమీ అడగక్కర్లేకుండా మెసేజ్‌లోనే అన్నీ ఉండాలి. నంబరు చెప్పి వదిలెయ్యకండి. పాదం కొలత చెప్పండి, షూ లోపల ఎంత ఉండాలో చెప్పండి, మీరు అడిగింది దొరక్కపోతే ఏం చేయాలో కూడా ముందే చెప్పండి.

అసలు అక్కడి నుంచి ఏం తెప్పించుకోవాలనేది ముందు తేల్చుకోండి. స్కూలుకి వేసే నల్ల షూస్, తెల్ల కాన్వాస్ షూస్ తెప్పించుకోవడం నా లెక్కలో దండగ. అవి ఇక్కడే జగదాంబ సెంటర్ దగ్గర పిల్లాడి కాలికి తొడిగి చూసి మరీ కొనుక్కోవచ్చు, పైగా అమెరికావి నల్లవైనా సోల్ తెల్లగానో లోగో మెరుస్తూనో ఉంటే స్కూల్లో ఒప్పుకోరు. తెప్పించుకుంటే ఆటలకి వేసే షూస్ తెప్పించుకోండి, అది కూడా ముఖ్యంగా పిల్లాడి పాదం వెడల్పుగా ఉన్నప్పుడు. ఇక్కడ పిల్లల షూస్‌కి నంబరు అడుగుతారు తప్ప వెడల్పు ఎవరూ అడగరు. అక్కడ కొన్ని బ్రాండ్లలో ఒకే నంబరు రెండు మూడు వెడల్పుల్లో దొరుకుతుంది. నేను చెప్పేదంతా ఆ ఉదాహరణతోనే చెప్తాను: మా బాబుకి ఆరేళ్లు, పాదం వెడల్పు, డాలస్‌లో ఉండే మా వదిన డిసెంబరు ఆఖర్లో సంక్రాంతికని వస్తున్నారు, మెసేజ్ పెట్టేది దసరా అయ్యాక.

మొదట కొలత

సాయంత్రం కొలవండి, రోజంతా తిరిగాక పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి కాబట్టి. సాక్స్ తీసేసి, పిల్లాణ్ణి నిలబెట్టి కొలవాలి. కూర్చోబెట్టి కొలిస్తే బరువు పడదు, పాదం పొట్టిగా, సన్నగా వస్తుంది. రెండు పాదాల మీద సమానంగా బరువు వేసి నిలబడాలి.

గోడకి ఆనించి నిలబెట్టమని చాలామంది చెప్తారు, కానీ అలా చేస్తే చిన్నపిల్లలకి వెనక నడుం కింది భాగం ముందు గోడకి తగిలి, మడమ కొంచెం ముందుకి జరిగిపోతుంది. దానికన్నా నున్నటి గచ్చు మీద కాగితం పెట్టి, దాని అంచు దగ్గర ఒక లావుపాటి పుస్తకాన్నో గట్టి డబ్బానో నిలబెట్టి, మడమ దానికి తగిలేలా చూడండి. మడమ తగిలిన చోట ఒక గీత. ముందు వైపు ఇంకో డబ్బాని మెల్లగా జరుపుతూ వచ్చి వేలికి తగలగానే ఆపి అక్కడ ఒక గీత. కొంతమందికి బొటనవేలి కన్నా పక్క వేలు పొడుగ్గా ఉంటుంది, ఏది ముందుకుంటే దాన్నే తీసుకోవాలి. మనం కాలి దగ్గర చెయ్యి పెట్టగానే పిల్లలు వేళ్లు ముడుచుకుంటారు, ఒక్కసారి ముడిస్తేనే నాలుగైదు మి.మీ. తగ్గిపోతుంది. కాబట్టి ఇంకొకరు ఎదురుగా నిలబడి మాటల్లో పెడితే, మీరు వేళ్లు చాపి ఉన్నాయో లేదో చూసి గీత గీయండి.

పెన్సిల్‌తో పాదం చుట్టూ గీయడం కన్నా ఈ రెండు డబ్బాల పద్ధతి నమ్మకం, ఎందుకంటే పెన్సిల్ బయటికి వంగితే కొలత పెరుగుతుంది, లోపలికి వంగితే తగ్గుతుంది. స్కేలు విషయంలోనూ చూసుకోండి. పిల్లల ప్లాస్టిక్ స్కేళ్లలో చాలావాటికి సున్నా గీత అంచున ఉండదు, అంచు తర్వాత కొద్దిగా ఖాళీ వదిలి మొదలవుతుంది. అంచు నుంచి కొలిస్తే ఆ ఖాళీ మేరకి పాదం పొట్టిదైపోతుంది. గీతకి గీత పెట్టి మి.మీ.లలో రాసుకోండి. "పదిహేడున్నర" అని కాదు, "175" అని.

వెడల్పు కూడా నిలబెట్టే కొలవాలి. బొటనవేలు మొదట్లో బయటికి పొడుచుకొచ్చే ఎముక ఉంటుంది కదా, అక్కడి నుంచి చిటికెన వేలు మొదట్లో ఉండే ఎముక దాకా, అదే పాదంలో ఎక్కువ వెడల్పు ఉండే చోటు. రెండు పక్కలా రెండు డబ్బాలు ఆనించి మధ్య దూరం కొలవండి. రెండో పాదానికీ ఇదంతా చేయాలి. ఎవరికైనా ఒక పాదం రెండోదాని కన్నా కొద్దిగా పెద్దగా ఉండటం మామూలే. మా బాబుకి ఎడమది 172, కుడిది 175 వచ్చింది, వెడల్పు 74. షూ కొనేది ఎప్పుడూ పెద్ద పాదానికే, అంటే ఇక నుంచి లెక్క అంతా 175తోనే.

వెడల్పు ఎక్కువా, మామూలా ఎలా తెలుస్తుంది

74 అనే అంకె ఒక్కటే చూస్తే ఏమీ అర్థం కాదు. ఇప్పుడు వేసుకుంటున్న షూ లోపలి సోల్ బయటికి లాగండి, చాలా ఆటల షూస్‌కి అది ఊడి వస్తుంది. నేల మీద పెట్టి పిల్లాణ్ణి దాని మీద నిలబెట్టండి. పాదం సోల్ అంచుల లోపలే కూర్చుంటే వెడల్పు సరిపోయినట్టే. చిటికెన వేలి వైపు చర్మం అంచు దాటి బయటికి వచ్చిందంటే ఇరుకు. మా వాడికి రెండు వైపులా కలిపి ఏడు మి.మీ. దాకా దాటింది, ఆ సోల్ ఎక్కువ వెడల్పు ఉన్న చోట 67 మాత్రమే ఉంది. షూ విప్పగానే చిటికెన వేలి పక్కన ఎర్రటి గీత, షూ పక్కభాగం గుడ్డ బయటికి ఉబ్బి ఉండటం, వెల్క్రో పట్టీ చివరిదాకా రాక సగంలోనే అంటుకోవడం, ఇవన్నీ అదే చెప్తాయి.

ఇక్కడే ఎక్కువమంది పొడవు పెంచేస్తారు. ఇరుకుగా ఉందని ఒక నంబరు పెద్దది తీసుకుంటే వెడల్పు కొద్దిగానే పెరుగుతుంది, పొడవు మాత్రం ఎనిమిదిన్నర మి.మీ. పెరుగుతుంది. దాంతో నడుస్తుంటే మడమ పైకి లేస్తుంది, పాదం లోపల ముందుకి జారి వేళ్లు వెళ్లి కొట్టుకుంటాయి, పరిగెత్తేటప్పుడు కాలు తట్టుకుంటుంది. కాబట్టి వెడల్పు సమస్యని వెడల్పుతోనే తీర్చాలి, మెసేజ్‌లో ఆ మాట గట్టిగా రాయాలి.

లోపలి పొడవు లెక్క

పాదం 175. అక్టోబరు నుంచి డిసెంబరు ఆఖరుదాకా ఇంకా పెరుగుతుంది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకి నెలకి సుమారు ఒక మి.మీ. అనుకోవచ్చు, మూడేళ్లలోపు వాళ్లకి నెలకి ఒకటిన్నర దాకా. ఇది సగటు, ఏ పిల్లాడూ లెక్క ప్రకారం పెరగడు, కానీ లెక్కలో ఏదో ఒకటి కలుపుకోవాలి. కాబట్టి మూడు కలిపితే 178. వేళ్ల ముందు ఖాళీ 10 నుంచి 12 కలిపితే 188 నుంచి 190. అటూ ఇటూ కొంచెం వదిలి 187 కన్నా తక్కువ వద్దు, 193 కన్నా ఎక్కువ వద్దు అని చెప్తే వదినకి షాపులో వెసులుబాటు ఉంటుంది.

"వచ్చే ఏడాదికి కూడా పనికొస్తాయి, రెండు నంబర్లు పెద్దవి తెండి" అనాలనిపిస్తుంది, అంత దూరం నుంచి వస్తున్నాయి కదా అని. వద్దు. 12 మి.మీ. ఖాళీ ఉన్న షూ ఆరేళ్ల పిల్లాడికి సుమారు అయిదారు నెలలు వస్తుంది, ముందు ఖాళీ అయిదారు మి.మీ.కి తగ్గాక మార్చేయాలి. అంటే జనవరిలో మొదలుపెడితే జూన్ దాకా. వాడు రోజూ వేసుకుని పరిగెత్తేది ఆ అయిదారు నెలలు, అవి హాయిగా గడవాలి.

షూ నాలుక మీద సెంటీమీటర్లలో ఒక అంకె ఉంటుంది. దాన్నే లోపలి పొడవు అనుకోకండి. చాలా బ్రాండ్లలో అది ఎంత పాదానికి ఆ షూ అని చెప్పే అంకె, లోపల నిజంగా ఎంత ఉందో కొలిస్తేనే తెలుస్తుంది. మరి వదిన షాపులో ఎలా కొలుస్తారు? లోపలి సోల్ ఊడి వస్తే దాన్నే టేపుతో కొలవచ్చు. ఊడకపోతే ఒక అట్ట ముక్క చాలు: సరిగ్గా 187 మి.మీ. పొడవు, రెండు సెంటీమీటర్ల వెడల్పు, ముందు వైపు మూలలు గుండ్రంగా కత్తిరించి ఉండాలి. షూ లోపల పెడితే అది వంగకుండా సాపుగా పడుకోవాలి, వంగిందంటే షూ చిన్నది. తర్వాత దాన్ని పూర్తిగా ముందుకి తోసి, మడమ వైపు మిగిలిన సందులో పెన్సిల్ పెట్టి చూడాలి. మామూలు పెన్సిల్ మందం దాదాపు ఏడు మి.మీ., అది వదులుగా పడిపోయిందంటే పెద్దది. అయిపోయింది, ఈ రెండు పరీక్షలు చాలు, షాపువాళ్లని కూడా అడగక్కర్లేదు.

అట్టని ఆవిడే టేపుతో కొలిచి కత్తిరించుకోవాలి. మనం పాదం గీసిన కాగితాన్ని ఫోటో తీసి పంపితే ఆవిడ ప్రింట్ తీసుకోవడం మాత్రం వద్దు. మన కాగితం ఏ4, పొడవు 297 మి.మీ. అమెరికాలో ప్రింటర్లలో వాడేది లెటర్ సైజు, పొడవు 279 మి.మీ. ప్రింటర్ పేజీకి సరిపోయేలా బొమ్మని తనంతట తనే కుదిస్తుంది, సుమారు ఆరు శాతం. అప్పుడు 175 పాదం 165 దగ్గరికి వచ్చేస్తుంది, ఒక నంబరు పైనే పోయింది! కాగితం పక్కన స్కేలు పెట్టి ఫోటో పంపండి, అది పాదం ఆకారం చూడటానికి మాత్రమే, వేళ్ల దగ్గర వెడల్పా, కోసుగానా అని. అంకెలు మాత్రం మెసేజ్‌లో టైపు చేసే పంపాలి.

బ్రాండ్ గురించి ఏం రాయాలి

ఇష్టమైన బ్రాండ్ పేరు రాసి ఊరుకోకండి, అందులో మీకు ఏం కావాలో రాయండి. పిల్లల షూస్‌లో వెడల్పులు ఇచ్చే వాటిలో న్యూ బ్యాలెన్స్, స్ట్రైడ్ రైట్ ఉన్నాయి. మీడియం, వైడ్, ఎక్స్‌ట్రా వైడ్ అని ఉంటాయి, పెట్టె మీద ఎం, డబ్ల్యూ, ఎక్స్‌డబ్ల్యూ అని అక్షరాలు. అన్ని మోడళ్లూ అన్ని వెడల్పుల్లో రావు, షాపులో పెట్టేవి ఎక్కువగా మీడియమే. అందుకే వెడల్పు కావాలంటే ఆన్‌లైన్‌లో వెడల్పు ఫిల్టర్ పెట్టి ఇంటికి తెప్పించుకోమని చెప్పడం మేలు, ఇంట్లో తీరిగ్గా కొలుచుకోవచ్చు కూడా. నైకీ, ఆడిడాస్ పిల్లల షూస్ ఎక్కువ భాగం ఒకే వెడల్పులో వస్తాయి, కాబట్టి వెడల్పు పాదానికి అవి రెండో వరస. మీ బంధువులు ఇంగ్లండ్‌లో ఉంటే క్లార్క్స్‌లో ఎఫ్ మామూలు, జీ వెడల్పు, హెచ్ ఇంకా వెడల్పు. అక్కడ నంబరు కూడా యూకేదే కాబట్టి ఆ ఒక్క గందరగోళం ఉండదు.

నంబరు పక్క అక్షరం కూడా రాయాలి. పిల్లల సైజులు 13, పదమూడున్నర దాకా వెళ్లి మళ్లీ 1 నుంచి మొదలవుతాయి. చిన్నపిల్లలవాటికి సి లేదా కె, పెద్దపిల్లలవాటికి వై అని ఉంటుంది. అక్షరం లేకుండా "2" అని రాస్తే అది పాకే బిడ్డకో, ఎనిమిదేళ్ల పిల్లాడికో తెలియదు.

మన ఊరి గాలికి ఏది నిలుస్తుందో కూడా ఒక ముక్క రాయండి. వైజాగ్ తేమకి తోలు షూస్ వానాకాలంలో బీరువాలో బూజు పడతాయి, లోపల మందంగా దూది లాంటి లైనింగ్ ఉన్నవి ఒక రాత్రిలో ఆరవు. సన్నటి జాలీ గుడ్డ ఉన్నవి త్వరగా ఆరతాయి. బీచ్‌కి వేసుకెళ్తే ఇసుక దూరుతుంది గానీ, లోపలి సోల్ ఊడి వచ్చేదైతే దులిపేసుకోవచ్చు. అక్కడ చలికాలంలో షాపుల్లో మందపాటివే ముందు కనిపిస్తాయి, వదిన పాపం వెచ్చగా ఉంటాయని అవే తీసుకోవచ్చు.

ఇక మెసేజ్

పైదంతా ఆవిడకి చెప్పక్కర్లేదు. కావాల్సినంత మేరకి, ఫోన్ చేతిలో పట్టుకుని షాపులో చదువుకునేలా రాయాలి. నేను ఇలా రాస్తాను:

"వదినా, అన్నయ్యగారూ పిల్లలూ ఎలా ఉన్నారు? బాబు షూస్ గురించి చెప్పమన్నారు కదా, ఒకేసారి అన్నీ రాస్తున్నాను, మీకు మళ్లీ అడిగే పని లేకుండా.

ఒక్క జత, ఆటలకి వేసుకునేవి. కుడి పాదం 175 మి.మీ., ఎడమ 172, వెడల్పు 74. వాడి పాదం వెడల్పు వదినా, అందుకే ఇక్కడ కుదరడం లేదు.

షూ లోపలి పొడవు 187 నుంచి 193 మి.మీ. మధ్య ఉండాలి. నంబరు యూఎస్ చిన్నపిల్లల 11, పదకొండున్నర, 12లో ఏదో ఒకటి అవుతుంది, పదకొండున్నరతో మొదలుపెట్టండి, కానీ నంబరు కన్నా లోపలి కొలతనే చూడండి. లోపలి సోల్ ఊడదీసి కొలవండి. ఎక్కువ వెడల్పు ఉన్న చోట 74 కన్నా తక్కువ ఉంటే వద్దు. ఊడకపోతే 187 అట్ట ముక్క లోపల వంగకుండా పట్టాలి, ముందుకి తోస్తే వెనక పెన్సిల్ వదులుగా దూరకూడదు.

మొదట న్యూ బ్యాలెన్స్ వైడ్ చూడండి, లేకపోతే స్ట్రైడ్ రైట్ వైడ్. షాపులో దొరక్కపోతే ఆన్‌లైన్‌లో ఇంటికి తెప్పించండి. రెండింట్లోనూ వైడ్ లేకపోతే మానేయండి, నంబరు పెంచి మాత్రం తీసుకోవద్దు.

వెల్క్రో ఉన్నవి, వాడికి ఇంకా లేసులు రావు. జాలీ గుడ్డవి, తోలువి వద్దు, మందంవి వద్దు. రంగు నీలమో బూడిదో, ఏదైనా పర్లేదు, తెలుపు తప్ప. లైట్లు వెలిగేవి చూపించినా వద్దనండి.

పన్నుతో కలిపి 60 డాలర్లు దాటితే వద్దు. డబ్బులు అత్తయ్యగారి అకౌంట్లో వేస్తాను, మీరు కాదనకూడదు.

కొన్నాక లోపలి సోల్ పక్కన టేపు పెట్టి ఒక ఫోటో, పెట్టె మీద సైజు అంటించిన కాగితం ఒక ఫోటో పంపండి. నేను చూసి చెప్పేదాకా ట్యాగులు తీయకండి, బిల్లు పారేయకండి. పెట్టె తేవక్కర్లేదు."

డబ్బు మాట గురించి రెండు ముక్కలు. అమెరికాలో ట్యాగ్ మీద ధరకి పన్ను బిల్లులో కలుస్తుంది. డాలస్‌లో అది 8.25 శాతం, అంటే 55 డాలర్ల ట్యాగ్ బిల్లులో దాదాపు 59న్నర. అందుకే "పన్నుతో కలిపి" అని రాయాలి. ఆడపడుచు దగ్గర డబ్బు లెక్క రాయడం మొహమాటంగా ఉంటుంది, నిజమే, కానీ ఎంత దాటకూడదో చెప్పకపోతే ఆవిడ మేనల్లుడికే కదా అని ఖరీదైనవి తెస్తారు, తర్వాత మనకే ఇబ్బంది. "మీకు నచ్చినవి తెండి" అనే మర్యాద ఇంకే వస్తువుకైనా పనికొస్తుంది, షూస్‌కి మాత్రం వద్దు.

ఫోటో వచ్చాక

టేపు సున్నా ఎక్కడ మొదలైందో ఫోటోలో చూడండి, సోల్ మడమ చివర దగ్గరే ఉండాలి. 187 నుంచి 193లో ఉంటే సరే అనేయండి. 185 ఉందనుకోండి, 178 పాదానికి ముందు ఏడే మిగులుతుంది, రెండు నెలల్లో మార్చాలి, కాబట్టి అర సైజు పెంచి మార్చమనండి. 197 ఉంటే అర తగ్గించమనండి. వాపసు తీసుకునే గడువు షాపుని బట్టి ఉంటుంది, బిల్లు మీదే రాసి ఉంటుంది, ఆ తేదీ ఒకటి అడిగి పెట్టుకోండి. గడువు పూర్తయ్యే ముందు పిల్లాడి పాదం ఇంకోసారి కొలవండి. 178 దాటిపోయి ఉంటే ఇంకా మార్చుకునే వీలుంటుంది, విమానం ఎక్కాక ఉండదు.

సూట్‌కేసులో సర్దేటప్పుడు షూస్ లోపల సాక్సులు కుక్కమనండి, మడమ దగ్గర ప్రత్యేకంగా. ఆ వెనక భాగం గట్టిగా నిలబడి ఉండాలి, సామాను బరువుకి ఒకసారి నలిగి మడత పడితే మళ్లీ సరిగ్గా నిలవదు. రెండు షూస్ అడుగులు బయటికి, ఎదురెదురుగా పెట్టి సూట్‌కేసు అంచున సర్దితే నలగవు.

వచ్చాక సాయంత్రం పూట, వాడు రోజూ వేసుకునే సాక్సులతోనే తొడగండి. మంచం మీద కూర్చుని కాదు, నిలబడి, దుప్పటి పరిచి దాని మీద నాలుగు అడుగులు వేయించండి, అడుగు మాయకుండా. బొటనవేలు ఎక్కడుందో పైనుంచి నొక్కి చూసేకన్నా, సోల్ ఊడదీసి దాని మీద నిలబెట్టి ముందు ఎంత మిగిలిందో కొలవండి, ఎందుకంటే నొక్కగానే వాడు వేళ్లు ముడిచేస్తాడు. ముందు 8 నుంచి 15 మి.మీ., పక్కల చర్మం అంచు దాటకుండా ఉంటే, ట్యాగు తెంపేయండి.